విదేశీ సాఫ్ట్‌వేర్ ఇన్వాయిస్‌లో 18% ఐజీఎస్టీ: వాళ్లు కట్టేదెప్పుడు, మనం కట్టేదెప్పుడు

ప్రశ్న: మాది బెంగళూరులో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ, జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంది. ఒక అమెరికా డిజైన్ టూల్‌కి నెలకి 180 డాలర్లు కడుతున్నాం. ఈ మధ్య చూస్తే ఇన్వాయిస్‌లో ఐజీఎస్టీ 18% అని ఇంకో 32.40 డాలర్లు కలుపుతున్నారు. ఇంకో టూల్ వాళ్లు పన్ను ఏమీ వేయలేదు, కింద రివర్స్ చార్జ్ అని మాత్రం రాశారు. మా అకౌంటెంట్ రెండింటికీ మేమే జీఎస్టీ కట్టాలంటున్నాడు. అమెరికా వాళ్లు మన పన్ను ఎందుకు వేస్తున్నారు? ఒకే దానికి రెండుసార్లు కట్టాలా?

జవాబు:

రెండుసార్లు కట్టాల్సిన పన్ను కాదండీ ఇది. మొదటి టూల్ అకౌంట్‌లో మీ జీఎస్టీ నంబర్ లేదు, అందుకే వాళ్లు మిమ్మల్ని రిజిస్ట్రేషన్ లేని మామూలు కస్టమర్‌గా లెక్కేసి పన్ను వేస్తున్నారు. రెండో దాంట్లో నంబర్ ఉంది, అందుకే పన్ను కట్టే పని మీకు వదిలేశారు. మొదటి దాంట్లో కూడా నంబర్ ఎక్కించండి. ఆ తర్వాత రెండింటికీ మీరే 18% కట్టి, అదే నెలలో అదే మొత్తాన్ని క్రెడిట్‌గా వెనక్కి తీసుకుంటారు. ఇప్పటికే వాళ్లు వసూలు చేసిన 32.40 డాలర్లు మాత్రం మీకు క్రెడిట్‌గా రావు. వాటిని ఆ కంపెనీని అడిగి వెనక్కి తెచ్చుకోవాలి. మీ అకౌంటెంట్ చెప్పింది కరెక్టే, కాకపోతే సగమే చెప్పారు.

ఇక కారణాలు. నేను బెంగళూరులో చిన్న ఐటీ కంపెనీల జీఎస్టీ పనులు చూస్తుంటాను, ఇదే సందేహం చాలామందికి వస్తుంది కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

జీఎస్టీ అనేది సరుకు లేదా సేవ ఎక్కడ వాడుకుంటే అక్కడ పడే పన్ను. అమ్మేవాడు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉన్నా సరే, వాడుకునేది మీరు బెంగళూరులో కాబట్టి పన్ను ఇండియాదే. మరి ఆ పన్నును ఎవరి దగ్గర వసూలు చేయాలి? ఇంట్లో కూర్చుని నెలకి పది డాలర్ల ఫోటో ఎడిటింగ్ యాప్ వాడుకునే మనిషిని రిటర్న్ వేయమంటే జరిగే పని కాదు. అందుకని ఆ బాధ్యతను అమ్మేవాడి మీద పెట్టారు. సర్వీస్ టాక్స్ ఉన్న రోజుల్లోనే, 2016 డిసెంబర్ 1 నుంచి, ఈ పద్ధతి మొదలైంది. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక ఐజీఎస్టీ చట్టం సెక్షన్ 14 కింద కొనసాగింది. ఇంటర్నెట్ ద్వారా అందే సాఫ్ట్‌వేర్, క్లౌడ్ స్టోరేజ్, డేటాబేస్‌ల వంటి సేవలను చట్టంలో ఓఐడీఏఆర్ అంటారు. రిజిస్ట్రేషన్ లేనివాళ్లకి వీటిని అమ్మే విదేశీ కంపెనీ ఇక్కడ ఆఫీసు లేకపోయినా రిజిస్టర్ కావాలి, ఐజీఎస్టీ వసూలు చేయాలి, నెలనెలా GSTR-5A అనే రిటర్న్ వేసి కట్టాలి. ఇరవై లక్షల మినహాయింపు లాంటిది వాళ్లకు లేదు, మొదటి రూపాయి నుంచే పన్ను. ఇంతకీ ఈ విదేశీ కంపెనీల రిజిస్ట్రేషన్లు చూసే అధికారం ఇచ్చింది మన ఊళ్లోని బెంగళూరు వెస్ట్ సెంట్రల్ టాక్స్ ప్రిన్సిపల్ కమిషనర్‌కే.

మీరు ఇండియాలో ఉన్నారని వాళ్లకి ఎలా తెలిసింది అంటే, దానికి చట్టంలోనే ఏడు గుర్తులు రాసి పెట్టారు. మీరిచ్చిన అడ్రస్, బిల్లింగ్ అడ్రస్, కార్డు ఎక్కడ జారీ అయింది, ఐపీ అడ్రస్, డబ్బు కట్టిన బ్యాంకు ఖాతా ఎక్కడిది, సిమ్ కార్డు కంట్రీ కోడ్, ల్యాండ్‌లైన్ ఉన్న చోటు. వీటిలో ఒకదానితో ఒకటి పొసగేవి రెండు ఇండియాను చూపిస్తే చాలు, కొనుగోలుదారు ఇండియాలో ఉన్నట్టే లెక్క. అందుకే అడ్రస్ అమెరికాలోని బంధువుది పెట్టినా, హెచ్‌డీఎఫ్‌సీ కార్డుతో బెంగళూరు వైఫై మీద కడితే ఐజీఎస్టీ పడుతుంది.

ఇదంతా రిజిస్ట్రేషన్ లేనివాళ్ల సంగతి. మీలాంటి రిజిస్టర్డ్ కంపెనీ విషయంలో ప్రభుత్వానికి విదేశీ అమ్మకందారు వెంట పడాల్సిన అవసరం లేదు. మీరు ఎలాగూ GSTR-3B రిటర్న్ వేస్తారు. అందుకని అమ్మేవాడి బదులు కొనేవాడే పన్ను కట్టాలన్నారు, అదే రివర్స్ చార్జ్. 2017 నాటి 10వ నంబర్ ఐజీఎస్టీ రేటు నోటిఫికేషన్‌లో మొదటి ఎంట్రీయే ఇది.

రెండు పద్ధతుల మధ్య గీత ఎక్కడుందనేది 2023లో మారింది, పాత సలహాలు విని తికమక పడేవాళ్లు ఎక్కువమంది ఇక్కడే పడతారు. 2023 అక్టోబర్ 1 కి ముందు అసలు ప్రశ్న ‘వ్యాపారానికా, సొంత వాడకానికా’ అని ఉండేది. వ్యాపారం కోసం కొన్న చిన్న ఫ్రీలాన్సర్ కూడా, టర్నోవర్ తక్కువైనా, రివర్స్ చార్జ్ కట్టడానికే రిజిస్టర్ కావాల్సి వచ్చేది. ఇప్పుడు ప్రశ్న ఒక్కటే: కొనేవాడికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉందా, లేదా. లేకపోతే అమ్మేవాడు కట్టాలి, దేనికి వాడుకున్నా సరే. ఉంటే కొనేవాడు కట్టాలి. వెండర్ వెబ్‌సైట్ కూడా ఇంతే చూస్తుంది. జీఎస్టీ నంబర్ గడి ఖాళీగా ఉంటే మీరు రిజిస్ట్రేషన్ లేనివారు.

ముందు ఇన్వాయిస్‌లో అమ్మినవాడి నంబర్ మొదటి రెండు అంకెలు చూడండి. దీన్నిబట్టి సగం లెక్క తేలిపోతుంది.

99తో మొదలై, మధ్యలో దేశం కోడ్, చివర్లో OS అక్షరాలు ఉంటే అది ఓఐడీఏఆర్ రిజిస్ట్రేషన్. అంటే బయటి దేశం నుంచే అమ్ముతూ ఇక్కడ పన్ను కడుతున్న కంపెనీ. 29 (కర్ణాటక), 33 (తమిళనాడు), 27 (మహారాష్ట్ర) లాంటి రాష్ట్రం కోడ్‌తో మొదలైతే, బ్రాండ్ అమెరికాదైనా మీకు బిల్లు వేసింది దాని ఇండియా కంపెనీ. అప్పుడు రివర్స్ చార్జ్ ఊసే లేదు. మామూలు దేశీయ కొనుగోలులాగే వాళ్లు పన్ను వేస్తారు, మీ నంబర్ ఇచ్చి ఉంటే, మీకు వచ్చే క్రెడిట్ల జాబితా అయిన GSTR-2B లో కనబడుతుంది, క్రెడిట్ తీసుకుంటారు. పెద్ద క్లౌడ్ కంపెనీలు చాలావరకు ఇలాగే బిల్లు వేస్తున్నాయి. కంపెనీ పేరు చూసి ‘ఇది ఫారిన్‌ది, రివర్స్ చార్జ్ కట్టేద్దాం’ అనుకుంటే, ఇక్కడ నిజంగానే రెండుసార్లు కట్టినట్టవుతుంది.

అసలు ఏ నంబరూ లేకుండా ‘టాక్స్’ అని వేస్తే అనుమానించాలి. ఇండియా రిజిస్ట్రేషన్ లేనివాళ్లు ఇండియా జీఎస్టీ వసూలు చేయకూడదు. అది జీఎస్టీయే కాకుండా, సైన్ అప్ అప్పుడు దేశం తప్పుగా ఎంచుకోవడం వల్ల పడిన యూరప్ వ్యాట్ కూడా కావచ్చు. 20%, 21% లాంటి రేటు కనిపిస్తే ముందు బిల్లింగ్ అడ్రస్‌లో దేశం చూసుకోండి. నంబర్ ఉంటే దాన్ని gst.gov.in లో `Search Taxpayer` కింద కొట్టి చూడొచ్చు, లాగిన్ కూడా అక్కర్లేదు. ఇన్వాయిస్ మీద పేరు టూల్ పేరు కాకుండా వేరే ఏదో కంపెనీది ఉన్నా కంగారు పడకండి. చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థలు చాలా తమ బిల్లింగ్‌ను రీసెల్లర్‌కి అప్పగిస్తాయి. అప్పుడు చట్టం దృష్టిలో మీకు అమ్మింది ఆ రీసెల్లరే.

ఇప్పుడు మీ అంకెలతోనే లెక్క వేద్దాం. డాలర్ 85 రూపాయలనుకుందాం. 180 డాలర్లు అంటే 15,300 రూపాయలు. దాని మీద 18% అంటే 2,754.

ఇప్పుడు మొదటి టూల్‌లో జరుగుతున్నది ఇది: మీ కార్డు నుంచి 212.40 డాలర్లు, అంటే 18,054 రూపాయలు వెళ్తున్నాయి. ఆ 2,754 ప్రభుత్వానికి చేరుతుంది, కానీ GSTR-5A లో అది రిజిస్ట్రేషన్ లేని ఎవరో కస్టమర్ పన్నుగా, మొత్తం అమ్మకాల్లో కలిసిపోయి వెళ్తుంది. మీ పేరు మీద ఎక్కడా ఉండదు. మీ GSTR-2B లోకి రాదు. ఇన్వాయిస్ మీద మీ నంబర్ లేదు. అందుకే క్రెడిట్ రాదంటున్నాను. అంటే మీకు టూల్ ఖరీదే 18,054 అయిపోయింది. ఏడాదికి 33,048 రూపాయలు ఊరికే పోతున్నాయి. పది టూల్స్ ఉన్న ఆఫీసులో ఇది ఒక జూనియర్ జీతం అవుతుంది.

నంబర్ ఎక్కించాక: కార్డు నుంచి 15,300 మాత్రమే వెళ్తుంది. మీరు ఆ నెల GSTR-3B లో `3.1(d)` దగ్గర 15,300 విలువ, 2,754 ఐజీఎస్టీ చూపిస్తారు. దాన్ని నగదు లెడ్జర్ నుంచే కట్టాలి, మీ దగ్గర క్రెడిట్ ఎంత ఉన్నా దానితో సర్దడానికి వీల్లేదు. కట్టిన మొత్తాన్ని అదే రిటర్న్‌లో `4(A)(2)`, అంటే సేవల దిగుమతి గడిలో, క్రెడిట్‌గా తీసుకుంటారు. మీ క్లయింట్లకు మీరు వేసే జీఎస్టీలో అది సర్దుబాటు అవుతుంది. చివరికి టూల్ ఖరీదు 15,300 దగ్గరే నిలుస్తుంది.

ఏ నెల రిటర్న్‌లో చూపించాలన్నది కూడా చాలామంది పొరబడే చోటు. కార్డుతో కట్టే సబ్‌స్క్రిప్షన్లకు మామూలుగా డబ్బు డెబిట్ అయిన తేదీనే లెక్క. ఏడాది ప్లాన్ ఒకేసారి కడితే పన్ను కూడా ఆ నెలలోనే మొత్తం మీద కట్టాలి. అకౌంట్స్‌లో ఖర్చును పన్నెండు నెలలకు పంచుతారు కదా అని పన్ను కూడా నెలకింత కడితే కుదరదు. వాళ్ల ఇన్వాయిస్ పక్కన మీ తరఫున మీరే ఒక సెల్ఫ్ ఇన్వాయిస్ రాసుకోవాలి. రిజిస్ట్రేషన్ లేని సప్లయర్ విషయంలో 2024 నవంబర్ 1 నుంచి దానికి 30 రోజుల గడువు కూడా పెట్టారు. సప్లయర్‌కి 99 నంబర్ ఉందా లేదా అని చూడకుండా, విదేశీ ఇన్వాయిస్ ప్రతిదానికీ సెల్ఫ్ ఇన్వాయిస్ చేయిస్తాను నేను. నెలాఖరున అన్నీ కలిపి అరగంట పని. ఆఫీసర్ కాగితం అడిగిన రోజున ఇదే ఆధారం.

ఇక మొదటి టూల్‌కి గడిచిన నెలల సంగతి. ఇక్కడ నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మీకు రిజిస్ట్రేషన్ ఉంది కాబట్టి, వెండర్ తెలియక పన్ను వేసినా, చట్టప్రకారం ఆ పన్ను బాధ్యత మీదే. ‘ప్రభుత్వానికి పన్ను చేరింది కదా, ఇంకెందుకు’ అని వాదించేవాళ్లున్నారు, ఆ వాదనలో న్యాయం కూడా ఉంది. కానీ మీ పేరు లేని పన్నును మీరు కట్టినట్టు చూపించడం కష్టం. అదే రివర్స్ చార్జ్ కట్టేస్తే ఆ 2,754 క్రెడిట్‌గా తిరిగొస్తుంది, మీకు పోయేది ఆలస్యానికి ఏడాదికి 18% లెక్కన వడ్డీ మాత్రమే. కాబట్టి నా క్లయింట్లకు కట్టేయమనే చెబుతాను. విలువగా 180 డాలర్లే తీసుకోండి, 212.40 కాదు.

కట్టకుండా మిగిలిపోయిన పాత రివర్స్ చార్జ్‌కి క్రెడిట్ గడువు దాటిపోయిందేమో అని మీకు టెన్షన్ ఉండొచ్చు. రిజిస్టర్ కాని సప్లయర్ నుంచి కొన్నవాటికి, సెల్ఫ్ ఇన్వాయిస్ రాసిన ఆర్థిక సంవత్సరం నుంచే ఆ గడువు లెక్కించాలని 2024 జూన్ 26 నాటి 211వ నంబర్ సర్క్యులర్‌లో స్పష్టం చేశారు. వడ్డీ తప్పదు, ఆలస్యంగా ఇన్వాయిస్ రాసినందుకు పెనాల్టీ అడిగే అవకాశం కూడా ఉంది, కానీ క్రెడిట్ అయితే పోదు. 99 నంబర్ ఉన్న సప్లయర్ అయితే ఈ వెసులుబాటు మీద ఆధారపడొద్దు. గడువు ఉండగానే పని ముగించండి.

ఇక వెండర్ దగ్గర వాపసు. బిల్లింగ్ సపోర్ట్‌కి మెయిల్ రాయండి. ‘మేం రిజిస్టర్డ్ కంపెనీ, మా నంబర్ ఇది, ఈ ఇన్వాయిస్‌లలో వేసిన ఐజీఎస్టీకి క్రెడిట్ నోట్ ఇచ్చి, మా నంబర్‌తో మళ్లీ ఇన్వాయిస్ ఇవ్వండి’ అని అడగండి, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ జత చేయండి. ఆ నెలదో, పోయిన నెలదో అయితే చాలామంది ఇస్తారు. పాతవి అడిగితే తమ రిటర్న్ అయిపోయిందని నిరాకరించేవాళ్లే ఎక్కువ. అందుకే ఇవాళే అడగమంటున్నాను.

నంబర్ ఎక్కించేటప్పుడు ఒక్క జాగ్రత్త. అది ప్రొఫైల్‌లో కాదు, బిల్లింగ్ సెట్టింగ్స్‌లో `Tax ID` లాంటి పేరుతో ఉంటుంది. కంపెనీ పేరు, అడ్రస్ మీ సర్టిఫికెట్‌లో ఉన్నట్టే రాయండి, రాష్ట్రం కర్ణాటక అని ఎంచుకోండి. ఎక్కించి వదిలేయకండి. తర్వాతి ఇన్వాయిస్ పీడీఎఫ్ తెరిచి మూడు చూడండి: మీ నంబర్ వచ్చిందా, పన్ను సున్నా అయిందా, రివర్స్ చార్జ్ అనే మాట ఉందా. నంబర్ సెట్టింగ్స్‌లో ఉండి కూడా ఇన్వాయిస్ మీదకి రాని సందర్భాలు చూశాను. ఒకసారి నంబర్ వెళ్లాక రివర్స్ చార్జ్ ఎగ్గొట్టడం కుదరదని కూడా గుర్తుంచుకోండి. 2023 అక్టోబర్ నుంచి GSTR-5A లో రిజిస్టర్డ్ కొనుగోలుదారులకు చేసిన అమ్మకాలు చూపించడానికి వేరే టేబుల్ పెట్టారు. మీరు ఎంత కొన్నారో అటు నుంచి డిపార్ట్‌మెంట్‌కి తెలుస్తుంది, మీ `3.1(d)` ఖాళీగా ఉంటే ప్రశ్న రావడం ఖాయం. ఇదే కారణంతో, రిజిస్ట్రేషన్ లేని ఫ్రీలాన్సర్లు 18% తప్పించుకోవడానికి స్నేహితుడి కంపెనీ నంబర్ పెట్టడం చాలా చెడ్డ పని. పన్ను కట్టమన్న నోటీసు ఆ స్నేహితుడికి వెళ్తుంది.

నేను ఎక్కువగా చూసే నష్టం ఇంకో రూపంలో జరుగుతుంది. చెన్నైలో ఓఎంఆర్ మీద ఒక సంస్థ ఉంది, మనవాళ్లే నడుపుతున్నారు. కంపెనీ అకౌంట్లన్నింటిలో నంబర్ చక్కగా ఉంది. కానీ డెవలపర్లు తమకు కావలసిన చిన్న చిన్న టూల్స్ సొంత కార్డుతో, సొంత మెయిల్‌తో కొనుక్కుని, నెలాఖరున రీయింబర్స్‌మెంట్ పెట్టేవారు. ప్రతి బిల్లులోనూ 18% ఉంది, ఇన్వాయిస్ ఉద్యోగి పేరు మీద ఉంది. కంపెనీ డబ్బే పోయింది, కంపెనీకి క్రెడిట్ రాలేదు. ఒక్కో బిల్లు ఏడెనిమిది వందలే కాబట్టి ఎవరి కంటికీ ఆనలేదు. కంపెనీ పేరు మీద ఒక అకౌంట్ తీసి, అందులోకి అందరినీ సభ్యులుగా చేర్చాక ఆ ఖర్చు తగ్గింది. మీ రీయింబర్స్‌మెంట్ ఫైలు కూడా ఒకసారి తిరగేయండి.

కట్టిందంతా తిరిగొస్తుందన్న మాట అందరికీ వర్తించదు. మీ అమ్మకాల మీద జీఎస్టీ ఉంటేనే, లేదా మీరు ఎగుమతి చేస్తుంటేనే క్రెడిట్ పనికొస్తుంది. ఎల్‌యూటీ అనే హామీ పత్రం మీద పన్ను లేకుండా ఎగుమతి చేసే కంపెనీలకు క్లయింట్ల మీద వేసే పన్ను ఉండదు కాబట్టి ఈ క్రెడిట్ పేరుకుపోతుంది. మీకూ అమెరికా క్లయింట్లే ఉంటే, RFD-01 దరఖాస్తు వేసి రీఫండ్ అడగాలి, దానికి రెండేళ్ల గడువు ఉంది. అప్పటిదాకా ప్రతి నెలా నగదు బయటికి వెళ్తుంది, దాన్ని క్యాష్‌ఫ్లోలో వేసుకోవాలి. వైద్యం, చదువు లాంటి పన్ను లేని సేవలు అమ్మే సంస్థలకు, కాంపోజిషన్ స్కీమ్‌లో ఉన్నవాళ్లకు రివర్స్ చార్జ్ అసలైన ఖర్చే. కట్టాలి, తిరిగి రాదు.

చివరగా మీ రెండో టూల్. అక్కడ వెండర్ చేసింది సరైనదే. కానీ పన్ను సున్నా అని చూసి ఊరుకున్న నెలలు ఏవైనా ఉంటే, అవి బాకీ పడ్డ నెలలు. కార్డు స్టేట్‌మెంట్లు తీసి, డాలర్లలో వెళ్లిన ప్రతి లైనుకీ ఎదురుగా అమ్మినవాడి నంబర్ మొదటి రెండు అంకెలు, డెబిట్ తేదీ, రూపాయల విలువ రాయండి. ఆ కాగితం మీ అకౌంటెంట్ చేతిలో పెడితే, ఏది ఏ నెల `3.1(d)` లోకి వెళ్లాలో ఆయన తేల్చేస్తారు. వెండర్ క్రెడిట్ నోట్ ఇవ్వనంటే వాళ్లేం రాశారో ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.